నామం, హిజాబ్, దస్తార్: ఫొటో చూసి వర్ణించేటప్పుడు వేషంగా మారకుండా

[తెరపై: సింహాచలం మెట్లదారి, ఉదయపు ఎండ. మెట్లు దిగుతున్న వృద్ధ అర్చకుడి రేఖాచిత్రం.]

వ్యాఖ్యానం:
విశాఖపట్నం మీద తయారవుతున్న ఒక పిల్లల బొమ్మల పుస్తకానికి వర్ణనలు రాసే పని నాది. ఫొటోలు దిగడానికి ఒప్పుకున్నవారు తమ ముఖాలను ఇంకెవరికీ పంపవద్దని కోరారు. అందువల్ల వేరే ఊళ్లో ఉండే చిత్రకారుడికి ఫొటో వెళ్లదు, దాన్ని చూసి నేను రాసిన వాక్యాలే వెళ్తాయి. నా వాక్యంలో లేనిది ఆయన ఊహించుకుని గీయాలి. తలమీది వస్త్రాలు, నుదుటి గుర్తులు వేషాలుగా మారిపోయేది సరిగ్గా ఆ ఊహ దగ్గరే.

మొదటి ఫొటో చూసి నేను ఇలా రాశాను: "నుదుట మూడు నిలువు నామాలు పెట్టిన వృద్ధ పూజారి."

[తెరపై: ఆ వాక్యం. దాని పక్కన చిత్రకారుడి మొదటి బొమ్మ: ఒకదానికొకటి తగలని మూడు మందపాటి గీతలు.]

బొమ్మ చూడగానే నాటకానికి రంగు పూసుకున్న మనిషి గుర్తుకొచ్చాడు. తప్పు చిత్రకారుడిది కాదు. ఆ గీతలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో, ఎక్కడ కలుస్తాయో నేను రాయలేదు. పుస్తకం సంపాదకురాలు ఇంకో లోపం చూపించారు. "నామాలు పెట్టిన అని రాస్తే పిల్లలు మోసం చేసినవాడని నవ్వుతారండీ, పెట్టుకున్న అనండి" అన్నారు. ఆమె మాట నిజం. తెలుగులో ఇతరులకు నామం పెట్టడమంటే మోసగించడం, తాను నామం పెట్టుకోవడమంటే ఆచారం. ఒక్క క్రియ మారితే మనిషే మారిపోతాడు.

నేను మళ్లీ కొండకు వెళ్లి ఆ పెద్దాయననే అడిగాను.

[తెరపై: నుదుటి దగ్గరి రేఖాచిత్రం. మాటలకు తగినట్టు ఒక్కో భాగం వెలుగుతుంది.]

"స్వామీ, ఈ గీతలను మీరేమంటారు?"

"తెల్లది తిరుమణి, నాయనా. మధ్యలో ఎర్రది శ్రీచూర్ణం. కింద ముక్కు మీదికి కొంచెం దిగింది చూశావా, అది పాదం. పాదం లేకుండా గీస్తే అది నా నామం కాదు, ఇంకొకరిది."

ఆయన చెప్పిన భేదం శ్రీవైష్ణవ సంప్రదాయంలోని రెండు శాఖలకు సంబంధించినది. తెంగలై నామంలో రెండు తెల్లని గీతలు కనుబొమల మధ్య కలిసి, అక్కడినుంచి చిన్న పాదం ముక్కు మొదలు మీదికి దిగుతుంది. వడగలై నామంలో అవే రెండు గీతలు కనుబొమల మధ్య గుండ్రంగా వంగి కలిసి అక్కడే ఆగిపోతాయి, కిందికి పాదం ఉండదు. మధ్య గీత ఎరుపా పసుపా అన్నదాన్ని బట్టి శాఖను తేల్చకూడదు, పాదాన్నే చూడాలి. చిక్కేమిటంటే, ఫొటోలో అన్నిటికన్నా ముందు చెరిగిపోయేది ఆ పాదమే. చెమటకు కరుగుతుంది, కళ్లజోడు కమ్మీ కింద దాగుతుంది, ఫ్లాష్ వెలుగులో చర్మం మెరుపులో కలిసిపోతుంది. అది స్పష్టంగా లేనప్పుడు శాఖ పేరు రాయడం మానేసి, "గీతలు కనుబొమల మధ్య కలుస్తున్నాయి, ఆ కింద చెరిగి ఉంది" అని రాస్తే చాలు.

రెండోసారి నేను పంపిన వర్ణన ఇది.

[తెరపై: వర్ణన మెల్లగా వాక్యం వాక్యంగా కనిపిస్తుంది.]

"డెబ్బై ఏళ్లు పైబడిన అర్చకులు. నుదుట తిరుమణితో రెండు సన్నని తెల్లని గీతలు జుట్టు మొదలు నుంచి దిగి కనుబొమల మధ్య కలుస్తున్నాయి. అక్కడినుంచి వేలి గోరంత పాదం ముక్కు మీదికి వచ్చింది. రెండు గీతల నడుమ ఎర్రని శ్రీచూర్ణం నిలువుగా ఉంది, అది తెల్లని గీతలను తాకడం లేదు. చేత్తో పెట్టుకున్నది కాబట్టి ఎడమ గీత కొద్దిగా మందంగా ఉంది. భుజాన ఉత్తరీయం, కనిపిస్తున్న కుడి చేతిమీదా ఇలాంటి చిన్న నామమే ఉంది."

చివరి వాక్యం అలంకారం కోసం రాసింది కాదు. శ్రీవైష్ణవులు శరీరం మీద పన్నెండు చోట్ల ఊర్ధ్వపుండ్రాలు, అంటే ఇలాంటి నిలువు నామాలు, ధరించే ఆచారం ఉంది. ఫొటోలో చేయి కనిపించింది కాబట్టి రాశాను. చొక్కా వేసుకుని ఉంటే, తెలిసిన విషయమే అయినా చేర్చేవాణ్ణి కాదు. ఇక "అర్చకులు" అన్న మాటను నామం చూసి రాయలేదు, ఆయన్ను అడిగి తెలుసుకుని రాశాను. దర్శనానికి వచ్చి ఆ ఒక్కపూటకు నామం పెట్టించుకున్న యాత్రికుడి నుదురు కూడా ఫొటోలో అలాగే కనిపిస్తుంది.

[తెరపై: జగదాంబ జంక్షన్, బస్టాపు. పుస్తకాలు పట్టుకున్న యువతి రేఖాచిత్రం.]

రెండో ఫొటోలోని విద్యార్థిని హిజాబ్ ధరించింది. నా చిత్తుప్రతిలో "ముసుగు వేసుకున్న అమ్మాయి" అని ఉంది. ముసుగు అనగానే తెలుగు పాఠకుడికి ముఖం దాచుకోవడం, ముసుగు దొంగలు, "ముసుగులో" జరిగే పనులు గుర్తుకొస్తాయి. ఆ ఫొటోలో ముఖమంతా తేటగా కనిపిస్తోంది, ఆమె నవ్వుతోంది కూడా. హిజాబ్ జుట్టును, చెవులను, మెడను కప్పి ముఖాన్ని వదిలేస్తుంది; ముఖాన్ని కప్పి కళ్లను మాత్రం వదిలేది నిఖాబ్. బుర్ఖా అన్న మాటను మనవైపు నల్లని పై అంగీకి కూడా వాడతారు కనుక, ఆ ఒక్క మాటతో చిత్రకారుడికి ఏమీ తెలియదు. అందుకే ఇలా మార్చాను: "లేత ఆకుపచ్చ హిజాబ్, నుదుటి పైభాగాన్ని ఆనుకుని మొదలై, గడ్డం కింద నుంచి చుట్టి, కొస ఎడమ భుజం మీద పిన్నుతో నిలిచింది. ముఖం పూర్తిగా కనిపిస్తోంది." నౌకాశ్రయం దగ్గరి కొండమీద ఇషాక్ మదీనా దర్గాకు వచ్చే ఆడవాళ్ల ఫొటోలకు ఈ వాక్యం పనికిరాదు. అక్కడ దుపట్టానో చీర కొంగునో తలమీదికి లాక్కున్నవారిలో హిందువులూ ఉంటారు. వాళ్ల విషయంలో "కొంగు తలమీద కప్పుకున్నారు" అన్న దగ్గరే ఆగాలి.

[తెరపై: సీతమ్మధార, గురుద్వారా జంక్షన్. సిక్కు యువకుడి రేఖాచిత్రం.]

మూడో ఫొటోలోని వస్త్రం దస్తార్. దీన్ని తలపాగా అన్నా తప్పు కాదు, కానీ ఆ మాట వినగానే మన చిత్రకారుడు పెళ్లికొడుకు తలమీది జరీ పాగాను, దానికి గుచ్చిన తురాయిని గీసేశారు. టోపీ అనడం అంతకన్నా తప్పు. టోపీని తీసి పెట్టుకుంటారు, దస్తార్ పొడవాటి గుడ్డను పొరలు పొరలుగా తలకు చుట్టి కట్టుకునేది. ఆ పొరలే దాని రూపం. నుదుటి మీద అవి రెండువైపుల నుంచి ఏటవాలుగా వచ్చి కలుస్తాయి; ఆ కలిసేచోట లోపలి గుడ్డ చిన్న ముక్కోణంలా, చాలాసార్లు వేరే రంగులో కనిపిస్తుంది. ఎన్ని పొరలు కనిపిస్తున్నాయో లెక్కపెట్టి రాశాను, ఏ పక్క పొర పైన ఉందో కూడా రాశాను.

ఆ చివరిదాన్ని నేను మొదట తప్పుగా రాశాను. అది అతను ముందు కెమెరాతో తనే తీసుకుని పంపిన ఫొటో, కుడి ఎడమలు తారుమారయ్యాయి. వెనుక దుకాణం బోర్డు మీది అక్షరాలు తిరగబడి ఉండటం చూశాక గాని నాకు తెలియలేదు. హిజాబ్ పిన్ను ఏ భుజం మీద ఉందో రాసేముందు కూడా అలాంటి అక్షరాలు ఎక్కడైనా ఉన్నాయేమో వెతకడం అప్పటినుంచి నాకు అలవాటైంది. నామం మాత్రం రెండువైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి ఈ తారుమారును పట్టివ్వదు.

[తెరపై: అదే యువకుడి పక్కన, తలకు చతురస్రపు రుమాలు కట్టుకున్న స్నేహితుడు.]

ఫొటోలో అతని పక్కనున్న స్నేహితుడి తలమీద ఉన్నది దస్తార్ కాదు. గురుద్వారాలోకి వచ్చేవారంతా తల కప్పుకోవాలి కాబట్టి కట్టుకున్న రుమాలు. అతని గురించి నేను రాసింది ఒకే వాక్యం: "నారింజరంగు రుమాలు తలకు కట్టుకుని, ముడి వెనక వేశాడు." ఏ మతస్థుడో ఆ రుమాలు చెప్పదు, నేనూ రాయలేదు.