గుండిగలో మిగిలింది, ఆకులో మిగిలింది: పెళ్లి భోజనం లెక్క

(దృశ్యం: ఫంక్షన్ హాల్ వెనక. మధ్యాహ్నం మూడున్నర. మడిచిన అరిటాకులు డ్రమ్ములో పడుతున్నాయి.)

ఈ ఆకుల్లో ఒకటి విప్పి చూద్దాం. ఒక బూరె ఒక్కసారి కొరికి ఉంది. వంకాయ కూర వడ్డించింది వడ్డించినట్టే ఉంది. సాంబారు కలిపిన అన్నం సగం. పెరుగు పోయించుకున్నారు గానీ కలుపుకోలేదు. ఆకు మడిచేస్తే ఇదేదీ కనబడదు. తిన్నవాళ్లకీ కనబడదు, పెట్టినవాళ్లకీ కనబడదు.

ఇప్పుడు పక్కనున్న వంటశాలలోకి రండి.

(దృశ్యం: మూత తీసిన పెద్ద గుండిగ. సగం దాకా తెల్లన్నం.)

ఇది ఎవరూ ముట్టని అన్నం. ఆకులో మిగిలింది ఎంగిలి, ఇంకెవరికీ పెట్టలేం. గుండిగలోది పెట్టొచ్చు, వేళకి కదిలితే. ఈ రెండింటికీ కారణాలు వేరు, మందులూ వేరు. అందుకే హాల్లో రెండు డ్రమ్ములు పెట్టి, ఎంగిలి ఒకదాంట్లో, గుండిగల్లోది ఇంకోదాంట్లో వేయించి తూకం వేయిస్తే మన పొరపాటు వడ్డనలో ఉందో వంటలో ఉందో తేలిపోతుంది.

ముందు గుండిగ సంగతి. మన శుభలేఖకి వస్తామనో రామనో జవాబు చెప్పే అలవాటు లేదు. పిలిచినవాళ్లలో ఎందరొస్తారో పెళ్లివారికి తెలీదు. పైగా ‘అన్నం తక్కువైందట’ అన్న మాట ఊళ్లో ఏళ్ల తరబడి తిరుగుతుంది. ‘అన్నం పారబోశారట’ అని మాత్రం ఎవరూ చెప్పుకోరు. ఆ భయమే కొలత పెంచుతుంది. నాలుగు వందల యాభై మంది వస్తారని లోపల తెలిసినా ఆరు వందల ప్లేట్లు చెబుతారు. క్యాటరింగ్ వాళ్లు కనీసం ఇన్ని ప్లేట్లకి డబ్బు కట్టాలని ముందే మాట తీసుకుంటారు కాబట్టి తగ్గించినా మిగిలేది లేదనుకుంటారు. వంట మేస్త్రి కూడా తన పేరు పోకూడదని ఇంకాస్త వేస్తాడు.

ఒక లెక్క వేద్దాం. కూరలు, పులిహోర, స్వీటు అన్నీ ఉన్న భోజనంలో కిలో బియ్యం సుమారు పదిమందికి సరిపోతుంది. ఆరు వందల మందికి 60 కిలోలు. వచ్చింది నాలుగు వందల యాభై అయితే 45 చాలు. మిగతా 15 కిలోల బియ్యం వండితే దాదాపు 40 కిలోల అన్నం. ఇందాక మీరు చూసిన సగం గుండిగ అదే.

దీనికి మేస్త్రీలకి తెలిసిన ఉపాయమే ఉంది: వాయిలుగా వార్చడం. మొదటి వాయి 30 కిలోలు. రెండో వాయికి బియ్యం కొలిచి పెట్టుకుని, ఎసరు మరగనిచ్చి పక్కన ఉంచుతారు. మొదటి బంతి లేచాక ఆకులు లెక్కపెట్టి, హాల్లో ఇంకా కూర్చున్నవాళ్లని చూసి, ఎంత వేయాలో అప్పుడు తేలుస్తారు. ఎసరు సిద్ధంగా ఉంటే అన్నం అరగంటలోపే దిగుతుంది. వేయని బియ్యం తిరిగి బస్తాలోకే పోతుంది. గారెలు, బజ్జీలు కూడా ఇంతే, పిండి ఉంచి బంతికి సరిపడా వేయించాలి.

దమ్ బిర్యానీతో ఇది కుదరదు. మూత పెట్టి సీల్ చేశాక పెంచేదీ తగ్గించేదీ లేదు. కాబట్టి ఒక పెద్ద హండీకి బదులు చిన్నవి నాలుగు పెట్టించుకుని, నాలుగోదాన్ని చివరిదాకా పొయ్యి ఎక్కించకుండా ఆపమనాలి. మేస్త్రి గొణుగుతాడు, ఎందుకంటే పని పెరుగుతుంది. కూలీ కాస్త ఎక్కువిస్తే సరి. అంత అన్నం పారబోయడం కన్నా అది చవకే.

ఇక ఆకు. జనం కూర్చోకముందే పదిహేను రకాలు వడ్డించేయడం ఇప్పుడు ఎక్కువైంది. వీడియోలో నిండుగా కనబడాలిగా! ఇష్టం లేనివాళ్లకి వద్దనే అవకాశమే లేకుండా పోయింది. మనిషి కూర్చున్నాక, ‘వేయమంటారా’ అని అడిగి, మొదటిసారి చిన్న గరిటెతో కొంచెమే వేసి, మళ్లీ తిరగాలి. అంటే వడ్డించేవాళ్లు ఎక్కువ మంది కావాలి. మనుషులు తక్కువైతే వాళ్లు ఒకేసారి దిమ్మరించి వెళ్లిపోతారు, అది వాళ్ల తప్పు కాదు. బఫేలో అయితే క్యూ పొడుగయ్యేకొద్దీ ప్లేటు నిండుతుంది, మళ్లీ ఎవరు నిలబడతారని. ఒకే వరస బదులు రెండు మూడు చోట్ల అవే ఐటమ్స్ పెడితే ప్లేట్లు వాటంతటవే తగ్గుతాయి.

(దృశ్యం: గోడ గడియారం. పది, ఒకటి, మూడు, అయిదు.)

సరే, మిగిలింది. ‘ఏ అనాథాశ్రమానికో ఇచ్చేద్దాం’ అంటారు. మంచి మాటే, కానీ గడియారం చూడండి. అన్నం దిగింది పదిన్నరకి. భోజనాలు అయింది మూడింటికి. ఫోన్ చేసింది నాలుగింటికి. బండి వచ్చేసరికి అయిదున్నర. అప్పటికి ఏడు గంటలు.

అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా ఉండొచ్చు. దాని బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే పెరిగి విషం వదులుతాయి, వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. వాసన రాకపోవచ్చు, జిగురు కనబడకపోవచ్చు. ముక్కు దగ్గర పెట్టుకుని ‘బాగానే ఉంది’ అనుకుంటే సరిపోదు. వేడిది 60 డిగ్రీల పైన, చల్లటిది 5 డిగ్రీల లోపు ఉండాలి. మధ్యలో నాలుగు గంటలు దాటితే పడేయాల్సిందే. చింతపండు పులుపు వల్ల పులిహోర, తేమ తక్కువ కాబట్టి లడ్డూ, మైసూరుపాకు కాస్త నిలుస్తాయి. సాంబారు, కొబ్బరి పచ్చడి, పాయసం మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇంకో చిక్కు ఎవరూ చెప్పరు. గుండిగలు అద్దెవి, సాయంత్రానికి వెనక్కివ్వాలి. హాలు రాత్రి ఇంకో ఫంక్షన్‌కి బుక్ అయి ఉంటుంది. ఇవ్వాలని మనసున్నా, అన్నం పోసుకోవడానికి గిన్నె లేక కాలవలో పోస్తారు. కాబట్టి ముందురోజే మూతలున్న క్యాన్లు నాలుగైదు తెచ్చి ఉంచాలి. మిగిలిన ఆహారాన్ని సేకరించి పంచడానికి దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2019లో నిబంధనలు తెచ్చింది. పంచే సంస్థకి ముందురోజే ఫోన్ చేసి, ఎందరికి పెట్టగలరు, ఎంత దూరం, బండి ఎన్నింటికి అని అడగాలి. రెండో బంతి లేవగానే ముట్టనిది వేడిగా క్యాన్లలోకి తీసి, వండిన టైము రాసి అంటించాలి.

అయినా మిగిలితేనే ఇవ్వడం ఏమిటి? కోనసీమలో లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు వేళ కాని వేళ వచ్చినవాళ్లకీ అన్నం పెట్టారు. అక్కడ సమృద్ధి అంటే వచ్చినవాడికి దొరకడం, ఆకు మీద పదిహేను రకాలు ఉండటం కాదు. ఆశ్రమానికి యాభై భోజనాలు ఇవ్వాలనుకుంటే మొదటి వాయిలోనే తీసి పదకొండింటికి పంపేస్తే గడియారంతో గొడవే ఉండదు.

(దృశ్యం: వంటశాల మెట్లు. ఆకులెత్తిన ఆడవాళ్లు పళ్లేలు పట్టుకుని కూర్చున్నారు.)

ఆకులెత్తే వాళ్లు, మేళం వాళ్లు, డ్రైవర్లు, వాచ్‌మన్ తినేసరికి నాలుగవుతుంది. కూర అయిపోయి, అన్నం, చారు ఉంటాయి. డ్రమ్ములో మాత్రం ఆ కూరే ఉంది. క్యాటరింగ్ కాగితంలో ఎన్ని ప్లేట్లని రాసేటప్పుడు వీళ్ల పేరున ముప్ఫై ప్లేట్లు విడిగా రాయించండి. మొదటి బంతి లేచాక, ఒంటిగంటన్నరకి, కూరలున్నప్పుడే పెట్టించండి.