లండన్‌లో కొత్త డెబిట్ కార్డు: పిన్ పోస్టులో వస్తుంది, ట్యాప్ ఆ తర్వాతే

హాయ్ అండి, అందరూ బాగున్నారా? మా పెద్దమ్మ వాళ్ల అబ్బాయి మాస్టర్స్ కోసం ఇక్కడికి వస్తున్నాడు. "కార్డు సంగతి కాస్త వీడియో తీసి పెట్టవే, వాడికి ఏమీ తెలీదు" అని పెద్దమ్మ రోజూ ఫోన్. మా ఆయనకి కొత్త ఖాతా కార్డు ఇప్పుడే వచ్చింది కాబట్టి, తమ్ముడూ, ఇదంతా నీ కోసమే.

మన దగ్గర సంగతి మీకు తెలిసిందే. ఏటీఎంకి వెళ్తాం, ఫోన్‌కి ఓటీపీ వస్తుంది, పిన్ మనమే పెట్టుకుంటాం. ఆన్‌లైన్, ట్యాప్ రెండూ ఆఫ్‌లో ఉంటాయి, యాప్‌లో ఆన్ చేసుకుంటాం. ఇక్కడ మా బ్యాంకు వాళ్లయితే పిన్ వాళ్లే పెట్టి పోస్టులో పంపారు. కార్డు ఒక కవర్లో, పిన్ ఇంకో కవర్లో, వేరే రోజున. దారిలో ఎవరైనా ఒక కవరు కొట్టేసినా రెండోది వాళ్ల చేతికి చిక్కకూడదని ఈ ఏర్పాటు. కార్డు రాగానే కంగారు పడి బ్యాంకుకి ఫోన్ చేయొద్దు, పిన్ వెనకాలే వస్తుంది.

ఇదిగో, దగ్గరగా చూపిస్తాను. కాగితం మధ్యలో చిన్న ప్లాస్టిక్ పట్టీ ఉంది కదా, దీన్ని మెల్లగా లాగితే కింద నాలుగు అంకెలు కనిపిస్తాయి. అంకెల మీద వేలు పెట్టాను, అవి మాత్రం చూపించను. మీ చేతికి వచ్చేసరికే పట్టీ ఊడి ఉంటే ఆ పిన్ వాడకండి, బ్యాంకుకి చెప్పి కొత్తది తెప్పించుకోండి.

అసలు విషయం ఇక్కడుంది. ఈ కార్డుకి ట్యాప్ ఆన్ చేసే బటన్ కోసం యాప్ అంతా వెతకక్కర్లేదు. మొదటిసారి కార్డుని మెషీన్‌లో దూర్చి పిన్ కొట్టడమే ఆ బటన్. పిన్ తెలిసిందంటే కార్డు సరైన మనిషి చేతికే చేరిందని బ్యాంకుకి నమ్మకం, అప్పుడు ట్యాప్ తెరుస్తుంది.

ఇప్పుడు సందు చివర షాపులో ఉన్నాం. పాలు, బ్రెడ్ కలిపి 3.40 పౌండ్లు, మన లెక్కలో దాదాపు 400 రూపాయలు. ఇంకా ఇలా లెక్కేయడం మానలేదా అంటారు మా ఆయన, మానలేను. ముందు కావాలనే ట్యాప్ చేయించాను. చూడండి, మెషీన్ మీద `INSERT CARD` అని వచ్చింది. కార్డు పాడైపోలేదు, పిన్ అడుగుతోంది అంతే. చిప్ వైపు దూర్చి, చేయి అడ్డం పెట్టి, నాలుగు అంకెలు కొట్టారు. అయిపోయింది.

అక్కడి నుంచి ఈస్ట్ హామ్ వెళ్దామని బస్ స్టాప్‌కి వచ్చాం. తమ్ముడూ, ఇది బాగా విను. లండన్ బస్సుల్లో 2014 నుంచి నగదు తీసుకోరు. టికెట్‌కి ట్యాప్ చేయాల్సిందే. బస్సులో పిన్ కొట్టే చోటు ఉండదు. అందుకని కొత్త కార్డుతో నేరుగా బస్సెక్కకు. ముందు షాపులోనో ఏటీఎంలోనో పిన్ కొట్టు, ఏటీఎంలో బ్యాలెన్స్ చూసుకున్నా చాలా బ్యాంకులకి సరిపోతుంది. డబ్బు తీసేటప్పుడు మాత్రం స్క్రీన్ మీద `FREE` అని ఉందో లేదో చూసుకో, కొన్ని షాపుల్లోని మెషీన్లు రెండు పౌండ్ల దాకా లాగేస్తాయి. ఇదిగో, మా ఆయన ట్యాప్ చేశారు, బీప్ అంది!

ఈస్ట్ హామ్‌లో గోంగూర కట్ట కనిపించింది. ఇంక కార్డు సంగతి పక్కన పెట్టి అరగంట కూరగాయల మధ్యే తిరిగాను. ఊళ్లో అయితే ఏటీఎంకి వెళ్తే నాన్న వెనక నిలబడి ఎవరూ చూడకుండా కాపలా కాసేవారు, వచ్చేటప్పుడు ఇలాగే కూరలు కొనేవాళ్లం. నాన్నా, వీడియో చూస్తుంటే ఫోన్ చేయండి.

ఆ, పిన్ నచ్చకపోతే ఏటీఎంలో `PIN services`లోకి వెళ్లి మార్చుకోవచ్చు. వరుసగా మూడుసార్లు తప్పు కొడితే లాక్ అవుతుంది. సరైన పిన్ గుర్తుంటే అదే మెనూలో అన్‌లాక్ కూడా ఉంటుంది. ట్యాప్ వచ్చేసింది కదా అని పిన్ మర్చిపోకు, వరుసగా ట్యాప్ చేస్తుంటే మధ్యలో ఎప్పుడో ఒకసారి పిన్ అడుగుతుంది. ఆన్‌లైన్‌కి మా కార్డులో ఏ స్విచ్చూ నొక్కలేదు, కొనేటప్పుడు బ్యాంకు యాప్‌లో ఒప్పుకోమని అడుగుతుంది. ఆన్‌లైన్‌లో ఎవరైనా ఏటీఎం పిన్ అడిగారంటే అది మోసమే, వెంటనే బయటికి వచ్చెయ్.

గోంగూర పచ్చడి వీడియో రేపు పెడతాను అండి.