మిల్లు మూశారు, డబ్బు విడతలుగా వస్తోంది: ముందు ఎవరికివ్వాలి?

నమస్కారం. భాగస్వామ్య సంస్థ రద్దయ్యాక ఆస్తులు విడతల వారీగా అమ్ముడైతే, చాలా జవాబు పత్రాల్లో ఒకే తప్పు. డబ్బు రాగానే లాభనష్టాల నిష్పత్తిలో పంచేస్తారు. ఇది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నిష్పత్తిలో పంచాల్సింది నష్టాన్ని. చేతికొచ్చిన డబ్బును కాదు!

ఒక రైస్ మిల్లు తీసుకుందాం. ముగ్గురు అన్నదమ్ములు, లాభనష్టాలు సమానం. మూలధనం పెద్దాయనది 60 లక్షలు, నడిపాయనది 40, చిన్నాయనది 20. బయటి అప్పులు 30 లక్షలు. పెద్దాయన విడిగా మిల్లుకిచ్చిన అప్పు 10 లక్షలు. ఆస్తుల పుస్తక విలువ 160 లక్షలు. చేతిలో నగదు లేదు.

[స్క్రీన్ మీద: 35, 50, 45]

సరుకు అమ్మితే 35 లక్షలు వచ్చాయి. తర్వాత బాకీల వసూలు 50. ఆఖరున మెషినరీ 45. కానీ మొదటి విడత పంచే రోజున తర్వాత ఎంత వస్తుందో ఎవరికీ తెలియదు. చిక్కంతా అక్కడే.

వరుస 1932 భాగస్వామ్య చట్టం 48వ సెక్షన్‌లో ఉంది. ముందు బయటివాళ్ల అప్పులు, తర్వాత భాగస్తులు ఇచ్చిన అప్పులు, ఆ తర్వాతే మూలధనం. మొదటి 35లో 30 బయటి అప్పులకు పోతుంది. మిగిలిన 5 పెద్దాయన అప్పుకి. "మాకేమీ రాలేదేంటి" అని తమ్ముళ్లు అలిగినా సరే, వాళ్ల వంతు ఇంకా రాలేదు. అమ్మకాల ఖర్చులుంటే వాటిని అన్నిటికన్నా ముందు పక్కన పెట్టాలి. మన లెక్కలో లేవనుకుందాం.

రెండో విడత 50. పెద్దాయన అప్పులో మిగిలిన 5 తీర్చాక 45 ఉంది. సమానంగా తలా 15 ఇచ్చారనుకోండి. చిన్నాయన 20 పెట్టి అప్పుడే 15 పట్టుకెళ్లాడు. మెషినరీని కొనేవాడే దొరకకపోతే? మొత్తం నష్టం 75, ఒక్కొక్కరి మీద 25. చిన్నాయన నష్టం ఆయన మూలధనాన్ని దాటిపోయింది, పైగా 15 చేతిలో ఉంది. అంటే ఆయనే 20 వెనక్కి కట్టాలి. అన్నదమ్ముల మధ్య ఆ డబ్బు వెనక్కి వస్తుందంటారా? సరే, మూలధనాల నిష్పత్తిలో పంచుదామంటారా? అప్పుడూ చిన్నాయన చేతికి ఏడున్నర వెళ్తుంది, పన్నెండున్నర వెనక్కి రావాలి.

అందుకే గరిష్ఠ నష్ట పద్ధతి. ప్రతి విడతా ఇదే ఆఖరి పైసా అనుకోవాలి. మూలధనాలు 120, చేతిలో 45, నష్టం 75. తలా 25 తీసేస్తే పెద్దాయనకు 35, నడిపాయనకు 15, చిన్నాయనకు మైనస్ 5. ఆ 5 ఆయన తేలేడనుకుని మిగతా ఇద్దరూ మోయాలి. ఏ నిష్పత్తిలో? 1904లో ఇంగ్లండ్‌లో వచ్చిన గార్నర్ వర్సెస్ మర్రే తీర్పు ప్రకారం మూలధనాల నిష్పత్తిలో, అంటే 60:40. పెద్దాయన 3, నడిపాయన 2 మోస్తారు. చేతికి 32, 13. చిన్నాయనకు ఈసారి సున్నా.

మూడో విడత 45. మిగిలిన మూలధనాలు 28, 27, 20, మొత్తం 75. నష్టం 30, తలా 10. చేతికి 18, 17, 10. మొత్తం కలిపితే 50, 30, 10. ఎవరూ పైసా వెనక్కి కట్టక్కర్లేదు.

రియలైజేషన్ అకౌంట్ ఏమైందని అడుగుతారు. దాన్ని విడత విడతకీ ముగించకండి, ఆఖరున ఒక్కసారే. డెబిట్‌లో ఆస్తులు 160, కట్టిన అప్పులు 30. క్రెడిట్‌లో బదిలీ అయిన అప్పులు 30, వచ్చిన డబ్బు 130. తేడా 30 నష్టం. పెద్దాయన అప్పు ఈ ఖాతాలోకి రానే రాదు, దానికి సొంత ఖాతా ఉంది. దాన్ని ఇందులో పడేసే వాళ్లూ ఉన్నారు, వాళ్ల సంగతి ఇంకో వీడియోలో.

టైం అయిపోతోంది, రెండో పద్ధతి గబగబా చెప్పేస్తాను: అధిక మూలధన పద్ధతి. నష్టాలు సమానం కాబట్టి మూలధనాలు కూడా సమానమయ్యేదాకా ఎక్కువున్నవాళ్లకే ఇస్తూ పోవాలి. మొదటి 20 పెద్దాయనకే. అప్పుడు ఇద్దరివీ 40. తర్వాతి 40 పెద్దాయన, నడిపాయన చెరి సగం. ఆపైన ముగ్గురికీ సమానం. రెండో విడతలోని 45 ఇలా పంచితే 32.5, 12.5. గరిష్ఠ నష్టంలో 32, 13 వచ్చింది కదా? ఆ అర లక్ష తేడా గార్నర్ తీర్పు వల్లే, ఎందుకంటే ఈ పద్ధతిలో చిన్నాయన లోటు సమానంగా పడుతుంది. కంగారు పడి కొట్టేయకండి. ఆఖరి విడత పంచాక ఇక్కడా 50, 30, 10 రావాలి. రాకపోతే మాత్రం మీ కూడిక చూసుకోండి.