హబ్ మోటార్ కిట్ రివ్యూ: నా పేచీ అంతా బ్రేక్ లీవర్ తీగతోనే

నమస్కారం అండీ. ముందే చెప్పేస్తున్నాను, ఈ కిట్‌ను అమ్మేవాళ్లే ఉచితంగా పంపారు. సైకిల్ వెనుక చక్రానికి బిగించే 36 వోల్టుల, 250 వాట్ల హబ్ మోటార్ ఇది. మోటార్ బాగుంది, చప్పుడు తక్కువ, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు కూడా మొరాయించదు. దాని గురించి ఇంతే. నన్ను విసిగించింది బ్రేక్ కటాఫ్.

లీవర్ నొక్కగానే అందులోని చిన్న స్విచ్ కంట్రోలర్‌కు సంకేతం ఇస్తుంది, మోటార్‌కు కరెంటు ఆగిపోతుంది. థ్రాటిల్ వదిలితే ఎలాగూ ఆగుతుంది కదా, ఇదెందుకు అంటారా? థ్రాటిల్‌కు మూడు తీగలుంటాయి: ఎరుపులో 5 వోల్టులు, నలుపు గ్రౌండ్, మూడోది సిగ్నల్. చేయి తీసేస్తే సిగ్నల్ సుమారు 0.8 వోల్టు, పూర్తిగా తిప్పితే 4 పైచిలుకు. ఆ నలుపు తీగ తెగితే సిగ్నల్ 5 వోల్టుల వైపు ఎగబాకుతుంది. మంచి కంట్రోలర్ దాన్ని లోపంగా పసిగట్టి ఆగుతుంది. చవక రకానికి ఆ తెలివి లేదు, బండిని ముందుకు దూకిస్తుంది. అప్పుడు ఆదుకునేది కటాఫ్ ఒక్కటే.

అంత ముఖ్యమైన తీగకు ఈ కిట్‌లో పేరు చీటీ కూడా లేదు! బ్రేక్‌కూ, హెడ్‌లైటుకూ అవే రెండు పిన్నుల ప్లగ్గులు. లైటు తీగలో వచ్చేది బ్యాటరీ వోల్టేజీ. పొరపాటున లీవర్‌ను దానికి కలిపారో, బ్రేక్ నొక్కినప్పుడు స్విచ్ మూసుకొని షార్ట్ అవుతుంది. అందుకని మల్టీమీటర్‌తో ఒక్కో ప్లగ్గూ చూశాకే కలిపాను. సుమారు 5 వోల్టులు చూపింది బ్రేక్‌ది, 36 దాటింది లైటుది. ఇంతకుముందు వాడిన కిట్‌లో బ్రేక్ ప్లగ్గుల రంగే వేరు, చూపుతోనే పని అయిపోయేది.

ఇంకో మెలిక ఉంది. ఈ స్విచ్ నొక్కినప్పుడే కలుస్తుంది. కాబట్టి తీగ ఊడినా సైకిల్ మామూలుగానే నడుస్తుంది, కటాఫ్ పోయిందని మీకు తెలియనే తెలియదు. వెనుక చక్రాన్ని గాలిలోకి లేపి, కొంచెం థ్రాటిల్ ఇచ్చి, ఒక్కో లీవర్‌నూ విడివిడిగా మెల్లగా నొక్కండి. రబ్బరు రిమ్ముకు తగలకముందే కరెంటు ఆగాలి. ఇందులో కుడి లీవర్ బాగానే ఆపింది. ఎడమది చివరిదాకా నొక్కితే గానీ పలకలేదు.

బ్యాటరీ కలిపేటప్పుడు చిటుక్కుమని నిప్పురవ్వ వస్తే బెదరకండి, కంట్రోలర్‌లోని కెపాసిటర్లు నిండుతున్నాయంతే. ఎరుపు, నలుపు తారుమారైతే మాత్రం కంట్రోలర్ కాలిపోవచ్చు.

నా డబ్బుతో కొంటానా? మోటార్ ఒక్కటే అమ్మితే కొంటాను. ఈ ఎడమ లీవర్‌తో, పేర్లు లేని ఈ ప్లగ్గులతో అయితే కొనను.