గుడ్డు నీళ్ళలో తేలితే చెడిపోయినట్టేనా? చేసి చూద్దాం

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఎండలు ముదిరినాయంటే చాలు, కామెంట్లలో ఒకటే ప్రశ్న. "అన్నా, గుడ్డు నీళ్ళలో వేస్తే తేలింది, పారేయాలా?" అని. అందుకే ఈరోజు ఆ నీళ్ళ పరీక్షనే రివ్యూకి తీసుకున్నా. అది ఏం చెప్తుంది, ఏం చెప్పదు అనేది మీ కళ్ళముందే చూపిస్తా.

ఇక్కడ మూడు గుడ్లున్నాయి. ఇది పొద్దున అంగట్లో లోడు దిగినాక తెచ్చింది. మిగతా రెండూ కొన్ని వారాల కిందట ఒకే అట్టలో నుంచి తీసినవి. ఆరోజే తూచి, పెంకు మీద పెన్సిల్‌తో రాసి పెట్టినా, చూడండి, రెండింటి మీదా 55 గ్రాములని ఉంది. ఒకటి ఫ్రిజ్‌లో పెట్టినా. ఇంకొకటి వంటింట్లో, స్టవ్ పక్కన గట్టు మీదే వదిలేసినా.

గిన్నెలో మామూలు నీళ్ళే పోస్తున్నా. ఉప్పు మాత్రం కలపద్దండి, ఉప్పునీళ్ళలో తాజా గుడ్డు కూడా తేలుతుంది.

పొద్దున తెచ్చింది వేసినా. అడుగున అడ్డంగా పడుకుంది. ఇది ఫ్రిజ్‌ది. మునిగింది గానీ, చూడండి, లావుగా ఉండే వైపు కొంచెం పైకి లేస్తా ఉంది. ఇప్పుడు గట్టు మీదది. తేలిపోయింది!

రెండూ ఒకే రోజు కొన్నవే కదా, మరి ఎందుకిట్లా? కాటా మీద పెట్టి చూద్దాం. ఫ్రిజ్‌ది 54 గ్రాములు. గట్టు మీదది 50.

గుడ్డు పెంకుకి కంటికి కనపడని రంధ్రాలు వేలల్లో ఉంటాయి. లోపలున్న నీరు వాటిలో నుంచి ఆవిరై బయటికి పోతా ఉంటుంది. పోయినంత మేర గాలి లోపలికొచ్చి, లావు వైపున ఉండే గాలి అర పెద్దదవుతుంది. పెంకు సైజు మాత్రం మారదు. 55 గ్రాముల తాజా గుడ్డు సుమారు 51 మిల్లీలీటర్ల నీళ్ళంత చోటు తీసుకుంటుంది. ఆ 51 మిల్లీలీటర్ల నీళ్ళ బరువు 51 గ్రాములు. గుడ్డు బరువు అంతకన్నా తగ్గిందంటే తేలాల్సిందే. అంటే ఒక టీస్పూను కూడా నిండని నీరు ఆవిరైపోతే చాలు. మన ఎండకి బయట పెట్టిన గుడ్డు ఆ నీటిని తొందరగా పోగొట్టుకుంటుంది, ఫ్రిజ్‌లోది నిదానంగా.

లోపల కుళ్ళి గ్యాస్ చేరితే గుడ్డు తేలుతుందని చాలామంది చెప్తారు. అది తప్పు. పెంకు ఉబ్బదు కదా, లోపల పుట్టిన గ్యాస్ లోపలే ఉన్నంతవరకు బరువు తగ్గదు. బయటికి ఏదైనా పోతేనే గుడ్డు తేలికవుతుంది. కాబట్టి ఈ పరీక్ష చెప్పేది ఒక్కటే, గుడ్డులోని నీరు ఎంత పోయింది అని.

తేలినదాన్ని పగలగొడదాం. వేరే కప్పులోనే కొట్టండి, నేరుగా పెనం మీద వద్దు. వాసన చూస్తున్నా... ఏమీ లేదు. తెల్లసొన నీళ్ళలాగా పారిపోయింది, పచ్చసొన చదునుగా పరుచుకుంది. పొద్దున తెచ్చినదాన్ని పక్కనే కొడతా చూడండి, పచ్చసొన గుండ్రంగా లేచి నిలబడింది, దాని చుట్టూ తెల్లసొన చిక్కగా పట్టుకుని ఉంది. పాతది పాతదే గానీ కుళ్ళలేదు. మురిగిన గుడ్డయితే మీరు ముక్కు దగ్గరికి తీసుకోనక్కర్లేదు, కొట్టగానే తెలిసిపోతుంది. వాసనొచ్చినా, రంగు తేడాగా ఉన్నా పారేయండి. ఈ రెండూ లేకపోతే బాగా ఉడికించి వండుకోవచ్చు, హాఫ్ బాయిల్‌కి మాత్రం నేను వాడను.

నాకు ఎక్కువ భయం మునిగిన గుడ్డు విషయంలోనే. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉన్న గుడ్డు తాజాగానే ఉండొచ్చు, శుభ్రంగా మునుగుతుంది, వాసన కూడా రాదు. మునిగింది కదా అని పిల్లలకి పచ్చసొన కారేలా వేసివ్వద్దు, రెండు సొనలూ గట్టిపడేదాకా ఉడకనివ్వండి. పెంకు చిట్లిన గుడ్డుని అంగట్లోనే పక్కన పెట్టేయండి.

తడపకుండా చూడాలంటే చీకటి గదిలో లావు వైపున ఫోన్ టార్చ్ ఆనించండి. గాలి అర ఎక్కడిదాకా వచ్చిందో పెంకులో నుంచే కనపడుతుంది. ఇది కూడా నీరు ఎంత పోయిందనేదే చెప్తుంది, సూక్ష్మక్రిముల సంగతి చెప్పదు.

ఇంకొక్క మాట. అట్ట మొత్తం తెచ్చి బకెట్‌లో వేసి పరీక్షించద్దండి. వేడిగా ఉన్న గుడ్డు చల్లటి నీళ్ళలో పడితే లోపలి సొన కుంచించుకుపోయి, రంధ్రాల్లో నుంచి బయటి నీటిని లోపలికి లాగుతుంది, పెంకు మీద మురికి ఉంటే అది కూడా దాంతోపాటే లోపలికి పోతుంది. వండబోయే గుడ్డునే నీళ్ళలో వేయండి, తీసినాక మళ్ళీ దాచకుండా ఆ పూటే వాడేయండి.