బ్రష్ స్టాండులో పెట్టగానే థైరాయిడ్ మాత్ర

హాయ్ అండీ, బాగున్నారా? మా మిన్నియాపొలిస్‌లో ఇప్పుడు ఉదయం 6:30. బయట ఇంకా చీకటే, రాత్రి నుంచి మంచు పడుతూనే ఉంది. జుట్టు చూసి నవ్వకండి, ఇప్పుడే లేచాను.

నాకు థైరాయిడ్ ఉందని తెలిసి రెండేళ్లయింది. రోజుకొక చిన్న మాత్ర, అంతే. ఆ ఒక్క మాత్రా వేసుకోలేకపోయాను. ఫోన్‌లో అలారం పెట్టుకున్నాను. అది మోగేసరికి నేను పాప లంచ్ బాక్స్‌లో ఉంటాను, వేలితో తోసేసి "ఇప్పుడే వేసుకుంటాలే" అనుకుంటాను. నెలాఖరుకి చూస్తే 30 మాత్రల సీసాలో 11 మిగిలాయి. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ లెక్క దిగలేదని డాక్టర్ డోస్ పెంచబోతుంటే, సిగ్గుపడుతూ అసలు సంగతి చెప్పేశాను.

అప్పుడు ఆలోచించాను. అలారం అయితే మర్చిపోతున్నాను గానీ, ఫిల్టర్ కాఫీ ఏనాడైనా మర్చిపోయానా? అందుకని మాత్రని కాఫీకి ముడిపెట్టాను. సీసా తెచ్చి కాఫీ ఫిల్టర్ పక్కన పెట్టా. రెండు వారాలు ఒక్కరోజు కూడా తప్పలేదు. తీరా మందు తెచ్చుకోవడానికి వెళ్తే ఫార్మసిస్ట్ తల పట్టుకున్నాడు. కాఫీతో వేసుకుంటే ఈ మందు ఒంటికి సరిగా పట్టదట. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, 30 నుంచి 60 నిమిషాలు ఆగాలట. అంటే అలవాటు బ్రహ్మాండంగా కుదిరింది, కుదిరిన చోటే తప్పు.

కాఫీకి ముందు రోజూ తప్పకుండా చేసేది ఇంకేముంది? బ్రష్. సీసాని బాత్రూమ్‌లో బ్రష్ పక్కన పెట్టాను. వేడినీళ్ల స్నానాల ఆవిరికి అద్దమే చెమ్మగిల్లుతుంటే మాత్రల గతేంటి? తేమ తగలకూడదని సీసా మీదే రాసుంది. సరేనని కిచెన్‌లోకి మార్చా. మళ్లీ తప్పడం మొదలైంది. ఎందుకో కనిపెట్టడానికి వారం పట్టింది. బాత్రూమ్ నుంచి కిచెన్‌కి పది అడుగులే, కానీ ఆ పది అడుగుల్లోనే "మమ్మీ, నా సాక్స్!" అని ఒక కేక వస్తుంది. అంతే, మాత్ర సంగతి గోవిందా.

ఇదిగో, ఇది చూడండి. బాత్రూమ్ తలుపు పక్కనే డ్రెస్సర్. దాని మీద మాత్రల డబ్బా, రాత్రే నింపి పెట్టిన నీళ్ల గ్లాసు, మూతతో. "బ్రష్ చేశాక వేసుకుంటా" అని కాదు, "బ్రష్ స్టాండులో పెట్టి తలుపు తీయగానే వేసుకుంటా" అనుకున్నాను. "చేశాక" అంటే ఎప్పుడైనా కావచ్చు. తలుపు తీయడం మాత్రం ఒక్క క్షణం, చెయ్యి చాస్తే డబ్బా. ఇక కాఫీని పాప బస్సు ఎక్కాకకి జరిపాను. ఇప్పుడు మాత్ర వేసుకున్నాక లంచ్ బాక్స్, జడలు, బూట్లు అన్నీ అయి బస్సు వచ్చేసరికి 50 నిమిషాలు వాటంతటవే గడిచిపోతాయి. గడియారం చూడక్కర్లేదు. కాల్షియం మాత్రని దీనికి 4 గంటల దూరంలో ఉంచమన్నారు, అది రాత్రి భోజనం కంచం సింక్‌లో పెట్టాక.

ఎన్నాళ్లకి అలవాటైంది అంటారా? 21 రోజులని అందరూ అంటారు గానీ నేను నమ్మను. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనిస్తే, ఒక పని దానంతట అదే జరిగిపోయే స్థాయికి రావడానికి సగటున 66 రోజులు పట్టిందని తేలింది. కొందరికి 18 రోజులే, కొందరికైతే 254 అని లెక్కగట్టారు. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదట. నాకు ఏడో వారంలో తెలిసింది, ఎలాగంటే మాత్ర వేసుకున్నానా లేదా అన్నదే గుర్తులేదు!

నవ్వకండి, అదే అసలు ఇబ్బంది. చెయ్యి తనంతట తాను చేసేస్తుంటే మనసు లెక్క పెట్టుకోదు, అనుమానంతో రెండోది వేసుకుంటే కష్టం. అందుకే సీసా తీసేసి వారానికి ఏడు అరల డబ్బా తెచ్చాను. ఆదివారం రాత్రి నింపుతాను. అర ఖాళీగా ఉంటే వేసుకున్నట్టే.

మొన్న వేసవిలో గుంటూరు వెళ్తే మొత్తం తలకిందులైంది. అక్కడ డ్రెస్సర్ లేదు, బస్సు లేదు. కళ్లు తెరిచేసరికి అమ్మ కాఫీ గ్లాసుతో మంచం పక్కనే. "చల్లారిపోతుందే, ముందు తాగు." మూడు రోజులు తాగేశాను. నాలుగో రోజు డబ్బా అమ్మ చేతికే ఇచ్చి, "అమ్మా, నేను ముఖం కడుక్కుని రాగానే ముందు నాకు ఇది ఇవ్వు, కాఫీ ఆ తర్వాతే" అన్నాను. మిగతా మూడు వారాలూ అమ్మే నా తలుపు.

అదుగో, పాప లేచింది. గురువారం అర ఖాళీ, చూశారుగా. కాఫీకి ఇంకా నలభై నిమిషాలుంది.