ఈరోజు కుర్చీలోంచి లేచిన ఫలితం రేపటి రక్తంలో

నమస్కారం. ఇక్కడున్న వాళ్లలో చాలామంది రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లే. కాబట్టి అలా కూర్చోవడానికీ రక్తంలోని కొవ్వుకూ ఉన్న సంబంధం చెప్పడానికి నేరుగా మధ్యాహ్నం భోజనం దగ్గరే మొదలుపెడతాను.

ఒంటిగంటకు క్యాంటీన్‌లో బిర్యానీ తిన్నారనుకుందాం. అందులోని నూనె, నెయ్యి పేగుల్లో జీర్ణమై కైలోమైక్రాన్లు అనే కొవ్వు రేణువులుగా రక్తంలోకి చేరతాయి. వాటిలో ఉండేది దాదాపు అంతా ట్రైగ్లిజరైడ్ అనే రకం కొవ్వే. షుగర్‌లా ఇది గబుక్కున పెరిగి దిగిపోదు. మెల్లగా పెరుగుతూ మూడు నాలుగు గంటలకు, అంటే సాయంత్రం నాలుగు, ఐదు మధ్య, పైస్థాయికి చేరుతుంది. పూర్తిగా దిగడానికి ఇంకో మూడు నాలుగు గంటలు పడుతుంది. ఈలోగా టీతో పాటు సమోసా, ఆ తర్వాత రాత్రి భోజనం. మెలకువగా ఉన్న సమయంలో ఎక్కువ భాగం రక్తంలో తిండి తాలూకు కొవ్వు తిరుగుతూనే ఉంటుంది. పొద్దున్నే పరగడుపున ఇచ్చే లిపిడ్ ప్రొఫైల్‌లో ఈ సంగతి కనిపించదు. రిపోర్టు నార్మల్‌గా ఉన్నవాళ్లలో కూడా మధ్యాహ్నం పూట కొవ్వు బాగా పెరిగి ఉండొచ్చు.

ఈ కొవ్వును రక్తంలోంచి తీసేది లైపోప్రొటీన్ లైపేజ్ అనే ఎంజైమ్. కండరాల్లోని అతి సన్నని రక్తనాళాల లోపలి గోడకు అంటిపెట్టుకుని ఉంటుంది. అటుగా వచ్చిన రేణువులోని ట్రైగ్లిజరైడ్‌ను విడగొట్టి కండరానికి అందిస్తుంది. కండరం పని చేస్తుంటేనే ఈ ఎంజైమ్ చురుగ్గా ఉంటుంది. 2003లో మార్క్ హామిల్టన్ బృందం ఎలుకల కాళ్ల మీద బరువు పడకుండా చేసి చూస్తే, కొన్ని గంటల్లోనే కాలి కండరాల్లో ఎంజైమ్ పని బాగా పడిపోయింది. మనం కూర్చున్నప్పుడు తొడలు, పిక్కలు దాదాపు అలాగే ఖాళీగా ఉంటాయి.

"మరి సాయంత్రం జిమ్‌కు వెళ్తున్నాను కదా" అని మీరు అడుగుతారు. దానికి జవాబు ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. ఎడ్వర్డ్ కోయిల్ బృందం 2019లో ఒక ప్రయోగం ప్రచురించింది. ఆరోగ్యవంతులైన యువతీయువకులను నాలుగు రోజుల పాటు రోజుకు పదమూడు గంటలకు పైగా కూర్చోబెట్టారు. అడుగులు నాలుగు వేలు దాటనివ్వలేదు. నాలుగో రోజు సాయంత్రం గంటసేపు పరుగెత్తించారు. మర్నాడు కొవ్వు ఎక్కువగా ఉన్న ఆహారం ఇచ్చి, ఆ తర్వాత కొన్ని గంటలు రక్తం పరీక్షించారు. పరుగెత్తినా ట్రైగ్లిజరైడ్ తగ్గలేదు. మామూలుగా అంత పరుగుకు తగ్గి తీరాలి. నాకు బాగా పట్టించుకోవాలనిపించిన ఫలితం ఇదే. రోజంతా కదలకపోతే సాయంత్రం చేసే వ్యాయామం కూడా ఈ విషయంలో ఫలించకపోవచ్చు.

ఆ బృందమే మర్నాటి ఏడాది దీనికి ఒక మార్గం చూపింది. ఎనిమిది మందిని ఎనిమిది గంటలు కూర్చోబెట్టి, గంటకోసారి లేపి ప్రత్యేకమైన సైకిలు మీద నాలుగు సెకన్ల పాటు పూర్తి బలంతో తొక్కించారు. మధ్యలో కాస్త ఆగి, అలా ఐదుసార్లు. గంటకు ఇరవై సెకన్లు, రోజుకు మొత్తం 160 సెకన్లు. మర్నాడు కొవ్వు ఆహారం తిన్నాక, ఊరికే కూర్చున్న రోజుతో పోలిస్తే ట్రైగ్లిజరైడ్ 31 శాతం తక్కువగా ఉంది. ఒంట్లో కొవ్వు ఖర్చవడం 43 శాతం పెరిగింది.

"మర్నాడు" అన్న మాటను గమనించండి. కండరం కదిలాక అందులో ఈ ఎంజైమ్ కొత్తగా తయారై, రక్తనాళం గోడ దాకా చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే భోజనం చేసిన గంటలోనే లేచి నడిస్తే షుగర్ తగ్గడం తెలుస్తుంది కానీ, ట్రైగ్లిజరైడ్ అప్పటికప్పుడు అంతగా తగ్గదు. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 2013లో చేసిన ప్రయోగంలో అరగంటకోసారి లేచి నిమిషం నలభై సెకన్లు నడిచినవాళ్లకు షుగర్, ఇన్సులిన్ బాగా తగ్గాయి. ట్రైగ్లిజరైడ్ మాత్రం అదే రోజు ఒకేసారి అరగంట నడిచినప్పుడే ఎక్కువ తగ్గింది. అదే మర్నాడు పరీక్షిస్తే లెక్క మారుతుంది. ఇంగ్లండ్‌లోని లఫ్‌బరో విశ్వవిద్యాలయంలో మియాషిత బృందం మూడేసి నిమిషాల చురుకైన నడక పదిసార్లు చేయించి మర్నాడు చూస్తే, అరగంట ఏకంగా నడిచినప్పటితో దాదాపు సమానంగా తగ్గింది. కాబట్టి ఒక్కరోజు లేచి నడిచి ఏమీ తేడా లేదని వదిలేయకండి. సోమవారం వేసిన అడుగులు మంగళవారం భోజనానికి పనికొస్తాయి. శుక్రవారం కదలకపోతే శనివారం విందు దగ్గర ఆ లోటు తెలుస్తుంది.

ఇవన్నీ తక్కువమంది మీద, ఎక్కువగా ఆరోగ్యంగా ఉన్న యువతీయువకుల మీద, కొద్ది రోజులే చేసిన పరీక్షలు. వీటివల్ల గుండెపోట్లు తగ్గాయని ఎవరూ నిరూపించలేదు. పూర్తి బలంతో తొక్కడం గుండెజబ్బు, మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లకు తగదు. వాళ్లకు ప్రతి అరగంటకూ మూడు నిమిషాల చురుకైన నడక చాలు. ట్రైగ్లిజరైడ్ 500 దాటినవాళ్లు నడకతో సరిపెట్టుకోకూడదు. అక్కడ ప్యాంక్రియాస్ వాపు భయం ఉంటుంది, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.